వడ్ల ధర నిజంగా ఎంత పెరిగింది?

2013-14లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 1,310 రూపాయలు. 2023-24 నాటికి అది 2,183 అయింది. పదేళ్లలో 873 రూపాయలు, అంటే దాదాపు 67 శాతం పెరిగింది. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూస్తే రైతు బాగుపడ్డాడనే అనిపిస్తుంది. అయితే ఆనాడు 1,310 రూపాయలకు వచ్చిన సరుకులు కొనాలంటే పదేళ్ల తర్వాత ఎంత కావాలో చూడకుండా ఆ మాట అనలేం.

అది చూడడానికి పనికొచ్చేది వినియోగదారుల ధరల సూచీ. 2012లో వంద రూపాయలైన సరుకుల బుట్ట తర్వాతి కాలంలో ఎంతకు దొరికిందో ఆ ఏళ్ల సూచీ చెబుతుంది. దేశమంతటికీ కలిపి ఆ సూచీ సగటు 2013-14లో 112.2, 2023-24లో 184.1. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 1.64 వస్తుంది. అంటే పాత 1,310తో సమానంగా నిలవడానికే 2023-24లో సుమారు 2,150 రూపాయలు కావాలి. ఇచ్చింది 2,183. కాబట్టి పదేళ్లలో అసలు పెరుగుదల క్వింటాలుకు 33 రూపాయలు, ఒకటిన్నర శాతం. మిగిలినదంతా ధరల పెరుగుదలే మింగేసింది.

ఈ లెక్కను తప్పుగా వేయడం చాలా తేలిక. ఏటేటా ద్రవ్యోల్బణం రేట్లను కూడితే పదేళ్లకు దాదాపు 51 శాతం వస్తుంది. 67లోంచి 51 తీసేసి, ‘ధరలు పోగా పదహారు శాతం నికర వృద్ధి’ అని ఎవరైనా రాస్తే చదివేవారికి అనుమానం రాదు. కానీ రెండో ఏడాది ధరలు మొదటి ఏడాది పెరిగిన ధర మీద పెరుగుతాయి, వడ్డీ మీద వడ్డీలాగా. అందుకే అసలు పెరుగుదల 51 కాదు, 64 శాతం. నివేదికలో నికర వృద్ధి అన్న మాట కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే: మొదటి ఏడాది, చివరి ఏడాది సూచీలను భాగించారా, లేక శాతాలను కూడి తీసేశారా? ఏ సూచీ వాడారో కూడా రాయకపోతే ఆ వృద్ధిని నేనైతే నమ్మను.

రెండో చిక్కు ఇంకా ముఖ్యమైనది. పదేళ్లను ఒకే ముక్కగా చూస్తే దారిలో ఏం జరిగిందో తెలియదు. మధ్య ఏళ్ల ధరలనూ 2013-14 నాటి రూపాయల్లోకి మార్చి చూద్దాం. 2017-18లో ప్రకటించిన ధర 1,550. పాత రూపాయల్లో అది 1,288 మాత్రమే. నాలుగేళ్లపాటు ప్రతిసారీ ధర పెంచినా, రైతు చేతికొచ్చే విలువ తగ్గిందన్నమాట. 2018-19లో పెట్టుబడికి ఒకటిన్నర రెట్లు ఇస్తామని బడ్జెట్‌లో ప్రకటించి, ఒక్కసారే 200 పెంచి 1,750 చేశారు. పాత రూపాయల్లో అది 1,407. అక్కడినుంచి మొత్తంమీద మళ్లీ జారుడే. 2023-24లోని 2,183 పాత రూపాయల్లో 1,330కి వస్తుంది.

అంటే పదేళ్లలో లాభం కనిపిస్తోందంటే ప్రధానంగా ఆ ఒక్క ఏడాది పెంపు వల్లే. నివేదిక 2017-18 నుంచి లెక్క మొదలుపెడితే మూడు శాతం నికర వృద్ధి చూపించగలదు. ఒక్క ఏడాది జరిపి 2018-19 నుంచి మొదలుపెడితే ఐదు శాతానికి పైగా తగ్గుదల తేలుతుంది. అంకెలు రెండు చోట్లా నిజమైనవే. అందుకే మొదటి ఏడాదిగా దేన్ని ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో అడగాలి. దాని ముందూ వెనకా ఏళ్లతో ఒకసారి లెక్క వేసి చూస్తే గుట్టు బయటపడుతుంది.

ఈ సూచీకీ హద్దులున్నాయి. అది పట్నంలోని ఉద్యోగి ఖర్చునూ పల్లెలోని కూలీ ఖర్చునూ కలిపి తీసిన సగటు. రైతు ఇంటి ఖర్చుకు గ్రామీణ సూచీ ఇంకా దగ్గరగా ఉంటుంది. డీజిల్, ఎరువులు, కోత యంత్రం అద్దె వంటి సాగు ఖర్చులు అందులో సరిగ్గా కనపడవు. పైగా మద్దతు ధర ప్రకటించినంత మాత్రాన ఆ ధరకే అమ్ముడుపోతుందని కాదు. తేమ ఎక్కువుందని కోత పెట్టినా, కొనుగోలు కేంద్రం ఆలస్యంగా తెరిచినా రైతు అంతకంటే తక్కువకే ఇచ్చేయాల్సి వస్తుంది.

సాగు ఖర్చును కలిపి చూసినా కథ పెద్దగా మారదు. ప్రభుత్వమే లెక్కగట్టిన ఖర్చు, అంటే చేతినుంచి పెట్టిన పెట్టుబడి, ఇంటివాళ్ల కష్టం విలువ కలిపి, 2018-19లో క్వింటాలుకు 1,166 రూపాయలు. 2023-24లో 1,455. సొంత భూమి కౌలు విలువ ఇందులో లేదు. ఈ లెక్కన మిగులు 584 నుంచి 728కి పెరిగింది. ఆ ఐదేళ్లలో వినియోగదారుల ధరలు 32 శాతం పెరిగాయి కాబట్టి, పాత మిగులు విలువ నిలవాలంటే 770 ఉండాలి. ప్రతి క్వింటాలు మీదా 42 రూపాయలు తక్కువ.