పేపరు మానేశాక బిల్లు ఆగాలంటే

పేపరు మానేయాలనుకుంటే చాలామంది పొద్దున్నే వచ్చే కుర్రాడికే ఆ మాట చెబుతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. పేపరు పంచేది అతనే అయినా, ఇళ్ల జాబితా, బిల్లు పుస్తకం ఉండేది ఏజెంటు దగ్గర. మన మాట అక్కడికి చేరకపోతే పేపరు ఆగినా బిల్లు మాత్రం వస్తుంది.

అందుకే ఏజెంటుకే ఫోన్ చేసి, వెంటనే వాట్సాప్‌లో కూడా రాయండి: "ఫలానా ఫ్లాటుకు ఫలానా పేపరు 16వ తేదీ నుంచి వద్దండీ. 15 వరకు లెక్క చెప్పండి." ఆయన కాపీల సంఖ్య ముందే చెప్పుకోవాలి కాబట్టి రెండు మూడు రోజులు గడువివ్వడం న్యాయం.

లెక్క మనమూ వేసుకోవాలి. మామూలు రోజు ధర 7 రూపాయలు, ఆదివారం 8 అనుకుందాం. ఆ 15 రోజుల్లో రెండు ఆదివారాలుంటే 91, 16 కలిపి 107 రూపాయలు. డెలివరీ చార్జీ మాట్లాడుకుని ఉంటే అది అదనం. నెల మొత్తానికి బిల్లొస్తే ఆ మెసేజ్ చూపించండి. 16 తర్వాత కూడా పేపరు పడితే, అదే రోజు ఫొటో తీసి ఏజెంటుకు పంపండి. చదివి ఊరుకుంటే వద్దన్న మాటకు బలం ఉండదు.

పత్రికకు ఏడాది చందా ముందే కట్టి ఉంటే ఏజెంటుతో పని కాదు, ఆ సంస్థ సర్క్యులేషన్ విభాగానికి రాయాలి. డబ్బు యూపీఐ ఆటోపేలో కడుతున్నవారు యాప్‌లో ఆ అనుమతిని కూడా రద్దు చేయాలి. లిఖితంగా చెప్పినా వసూలు ఆగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.