ద్రావణిలో దాగిన తడి

గ్రిన్యార్డ్ చర్యకు వాడే టెట్రాహైడ్రోఫ్యూరాన్ చూడటానికి తేటగా ఉన్నా, అందులోని కాస్త నీరే కారకాన్ని తినేస్తుంది. అందుకే వాడేముందు నీటిని కొలుస్తారు. పద్ధతి కార్ల్ ఫిషర్ 1935లో చూపినదే: నీరు అయోడిన్‌తో చర్య జరుపుతుంది, ఖర్చయిన అయోడిన్‌ను బట్టి నీరు తెలుస్తుంది.

ఒక గ్రాము ద్రావణిలో 50 పీపీఎం నీరుందనుకుందాం. అంటే 50 మైక్రోగ్రాములు. వాల్యూమెట్రిక్ పద్ధతిలో, మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల నీటిని పట్టే కారకం వాడితే, బ్యూరెట్ నుంచి దిగేది 0.01 మిల్లీలీటరు మాత్రమే. అంత చిన్న పరిమాణాన్ని నమ్మలేం. ఒక శాతం, అంతకు మించిన నీటికి మాత్రం అదే సరైనది.

కూలోమెట్రీలో అయోడిన్‌ను విద్యుత్తే పాత్రలో పుట్టిస్తుంది. మిల్లీగ్రాము నీటికి దాదాపు 10.7 కూలుంబులు. కరెంటును చాలా కచ్చితంగా కొలవొచ్చు.

చిక్కంతా డ్రిఫ్ట్‌తోనే. గాలిలోని తేమ పాత్రలోకి చొరబడుతూనే ఉంటుంది. అది నిమిషానికి 10 మైక్రోగ్రాములైతే, రెండు నిమిషాల పరీక్షలో 20 చేరి, 50 కాస్తా 70గా కనిపిస్తుంది. పరికరం ఆ 20ని తీసేస్తుంది, కానీ డ్రిఫ్ట్ నిలకడగా ఉంటేనే. అందుకే అంకె స్థిరపడేదాకా ఆగాలి. ఐదు గ్రాముల నమూనా ఎక్కిస్తే నీరు 250 అవుతుంది, అదే 20 తక్కువ బాధిస్తుంది.

డ్రిఫ్ట్ ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే సూదిపోట్లకు అరిగిన రబ్బరు మూతను, తేమ పీల్చే గొట్టంలోని మాలిక్యులర్ సీవ్‌ను మార్చాలి. పాత్రను మెల్లగా తిప్పి గోడల మీది చుక్కలను కడగాలి. నమూనా ఎక్కించాకే పెరిగి దిగకపోతే అనుమానించాల్సింది నమూనానే: అసిటోన్ మెథనాల్‌తో కలిసి కొత్తగా నీటిని పుట్టిస్తుంది. కీటోన్లకు మెథనాల్ లేని ప్రత్యేక కారకం వాడాలి.