పదేళ్ళ పిల్లాడికి బీపీ 114: బాగున్నట్టా, బాగా లేనట్టా?

చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా వైపు మన ఇళ్ళలో బీపీ మిషన్ ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. తాత కోసమో, అమ్మమ్మ కోసమో కొని అలమారలో పెట్టుకుంటాం. తాత చూసుకుంటుంటే పక్కనే ఆడుకుంటున్న మనవడు "నాకూ చూడు తాతా" అని చేయి చాపుతాడు. సరదాకి చూస్తే 114/70 వస్తుంది. "120 కన్నా తక్కువే ఉంది, వీడికేం, బంగారం" అనుకుని మిషన్ లోపల పెట్టేస్తాం.

ఆ లెక్క పెద్దవాళ్ళది. పదమూడేళ్ళ లోపు పిల్లలకు అది పనికిరాదు. అదే 114 ఒక పిల్లాడికి మామూలు బీపీ కావచ్చు, అదే తరగతిలో చదివే ఇంకో పిల్లాడికి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన బీపీ కావచ్చు. తేడా ఎక్కడ వస్తుందో ఇక్కడ వివరంగా చూద్దాం.

ఒకే అంకె, ఇద్దరు పిల్లలు

బీపీ వయసుతో పాటు, శరీరం ఎదుగుదలతో పాటు పెరుగుతుంది. అందుకే పిల్లల డాక్టర్లు ఒకే అంకెను గీటురాయిగా పెట్టుకోరు. పిల్లవాడు మగో ఆడో, వయసు ఎంతో, ఎత్తు ఎంతో చూసి, అలాంటి పిల్లల్లో ఈ బీపీ ఎక్కడ నిలుస్తుందో పట్టికలో వెతుకుతారు. ఎక్కువగా వాడే పట్టిక అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళు 2017లో విడుదల చేసినది.

ఉదాహరణకు పదేళ్ళు నిండిన ఇద్దరు మగపిల్లలను తీసుకుందాం. ఒకడి ఎత్తు 133 సెంటీమీటర్లు, ఇంకొకడిది 150. ఇద్దరికీ పై బీపీ 114 వచ్చింది.

పట్టికలో 133 సెంటీమీటర్ల పిల్లాడికి దగ్గరి వరుసలో 90వ పర్సంటైల్ దగ్గర 109, 95వ పర్సంటైల్ దగ్గర 113 ఉంటుంది. వీడి 114 ఆ 113ను కూడా దాటింది. అంటే అధిక రక్తపోటు మొదటి దశలోకి వచ్చే అంకె. 150 సెంటీమీటర్ల పిల్లాడి వరుసలో 90వ పర్సంటైలే 115. వీడి 114 దానికి లోపలే ఉంది. ఇతనికి అది మామూలు బీపీ.

మన అలవాటు ప్రకారం చూస్తే ఇద్దరినీ "బాగుంది" అని పంపేసేవాళ్ళం.

ఈ పర్సంటైల్ మార్కులు కాదు

జేఈఈ ఫలితాల్లో 95 పర్సంటైల్ అంటే ఇంట్లో స్వీట్లు పంచుతాం. బీపీలో అది సంతోషించే విషయం కాదు. అదే వయసు, అదే ఎత్తు ఉన్న వందమంది ఆరోగ్యవంతమైన పిల్లలను బీపీ వరుసలో నిలబెడితే, సుమారు 95 మంది కన్నా మన పిల్లాడి బీపీ పైన ఉందని దాని అర్థం.

90 లోపు ఉంటే మామూలు. 90 నుంచి 95 మధ్య ఉంటే కాస్త పెరిగినట్టు. 95 తాకినా, దాటినా మొదటి దశ. 95 దగ్గరి అంకెకు ఇంకో 12 కలిపితే వచ్చేది రెండో దశ. మన 133 సెంటీమీటర్ల పిల్లాడికి ఆ రెండో దశ 125 దగ్గరే మొదలవుతుంది. పెద్దవాళ్ళకు 125 వస్తే మనం పట్టించుకోం కూడా. కింది అంకెకూ ఇలాగే వేరే వరుస ఉంటుంది. రెండింటిలో ఏది ఎక్కువ దశలో ఉంటే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

పదమూడేళ్ళు నిండాక పర్సంటైల్ అవసరం లేదు. 120/80 లోపు మామూలు, 130/80 నుంచి మొదటి దశ, 140/90 నుంచి రెండో దశ.

ఇంట్లో గుర్తుపెట్టుకునే పట్టిక

మొత్తం పట్టిక చూడటం డాక్టరు పని. ఇంటివాళ్ళకూ స్కూలువాళ్ళకూ అదే సంస్థ ఒక చిన్న పట్టిక ఇచ్చింది. దీనికి ఎత్తు అక్కర్లేదు. రెండు అంకెల్లో ఏ ఒక్కటైనా ఇంత వచ్చినా, దాటినా పిల్లల డాక్టరు చేత సరిగా చూపించాలి.

- 5 ఏళ్ళు: అబ్బాయికి 103/63, అమ్మాయికి 104/64
- 8 ఏళ్ళు: ఇద్దరికీ 107/69
- 10 ఏళ్ళు: అబ్బాయికి 108/72, అమ్మాయికి 109/72
- 12 ఏళ్ళు: అబ్బాయికి 113/75, అమ్మాయికి 114/75
- 13 ఏళ్ళు, ఆపైన: ఇద్దరికీ 120/80

ఈ అంకెలు ఆ వయసులో బాగా పొట్టిగా ఉండే పిల్లలను దృష్టిలో పెట్టుకుని వేసినవి. ఎవరూ తప్పిపోకూడదని అలా చేశారు. అందుకే ఇవి దాటినంత మాత్రాన జబ్బు అని కాదు. పైన చెప్పిన 150 సెంటీమీటర్ల పిల్లాడు కూడా ఈ పట్టికలో 108 దాటి కనిపిస్తాడు. ఎత్తుతో చూస్తేనే మామూలని తేలుతుంది.

అంకె తప్పుగా వచ్చేది ఎక్కడ

పట్టిక ఎంత బాగున్నా, చేతికి చుట్టిన పట్టీ సరిపోకపోతే అంతా వృథా. తాత కోసం కొన్న మిషన్ పట్టీ మీద చాలావరకు 22–32 సెంటీమీటర్లు అని రాసి ఉంటుంది. అది చేయి చుట్టుకొలత. సన్నని పిల్లాడి చేయి 18 ఉండొచ్చు. అలాంటి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదాని కన్నా తక్కువ చూపిస్తుంది, నిజంగా ఎక్కువ ఉన్న పిల్లాడు తప్పించుకుంటాడు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది.

కొలత ఇలా తీస్తారు. భుజం ఎముక చివరి నుంచి మోచేతి ఎముక దాకా ఉన్న దూరంలో సగం దగ్గర టేపుతో చేయి చుట్టుకొలత చూస్తారు. పట్టీ లోపల గాలి నిండే సంచి వెడల్పు ఆ చుట్టుకొలతలో కనీసం 40 శాతం, పొడవు 80 నుంచి 100 శాతం ఉండాలి. చేయి 20 సెంటీమీటర్లు అయితే సంచి వెడల్పు కనీసం 8, పొడవు 16 నుంచి 20 అన్నమాట. పిల్లాడి వయసు చూసి పట్టీ ఎంచితే పొరపాటు జరుగుతుంది, చేయి చూసే ఎంచాలి.

ఇక పిల్లాడు ఎండలో ఆడి పరుగెత్తుకొచ్చిన వెంటనే చూడకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. వీపుకు ఆసరా, పాదాలు నేల మీద, కాలు మీద కాలు లేకుండా, కుడి చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. మాట్లాడకూడదు. కుడి చేయే ఎందుకంటే, పట్టికలోని అంకెలు ఆ చేతివే. పైగా గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పుట్టుకతో ఒకచోట ఇరుకుగా ఉన్న పిల్లల్లో ఎడమ చేతి బీపీ తక్కువగా కనిపించి మోసం చేయొచ్చు.

ఎత్తు కూడా చెప్పులు లేకుండా ఆ రోజే కొలవాలి. నిరుడు స్కూలు కార్డులో రాసిన ఎత్తు పనికిరాదు. ఇంకో మాట: మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇచ్చిన ఎత్తు, బరువు చార్టు వేరు, ఈ బీపీ పట్టిక వేరు. మన చార్టులో పిల్లాడి ఎత్తు ఏ పర్సంటైల్‌లో ఉందో చూసి, అదే పర్సంటైల్ వరుసను అమెరికా పట్టికలో తీయకూడదు. సెంటీమీటర్లు రెండింట్లో ఒకటి కావు. బీపీ పట్టికలోనే సెంటీమీటర్లు ఉంటాయి, నేరుగా అక్కడ చూస్తే సరి.

114 వచ్చిన పిల్లాడికి తర్వాత ఏం జరుగుతుంది

ఒక్కసారి చూసి ఎవరూ జబ్బు పేరు పెట్టరు. మన 133 సెంటీమీటర్ల బాబును సరైన పట్టీతో చూశారనుకుందాం. మొదట 114. అదే చోట మిషన్‌తో ఇంకో రెండుసార్లు చూస్తే 113, 111 వచ్చాయి, సగటు 112. ఇది ఇంకా 109 పైనే ఉంది కాబట్టి డాక్టరు స్టెతస్కోపు పెట్టి చేత్తో రెండుసార్లు చూశారు. 115, 113. సగటు 114. మొదటి దశ అంకె.

బాబుకు ఏ బాధా లేదు కాబట్టి వారం, రెండు వారాల్లో మళ్ళీ రమ్మంటారు. అప్పుడూ 113 పైనే ఉంటే చేతికి, కాలికి రెండింటికీ బీపీ చూస్తారు. కాలి బీపీ చేతి కన్నా తక్కువ వస్తే పైన చెప్పిన రక్తనాళం ఇరుకును అనుమానిస్తారు. ఆ తర్వాత మూడు నెలలకు మూడోసారి. మూడుసార్లూ 95 దాటితేనే అధిక రక్తపోటు అని రాస్తారు. మధ్యలో 106కు దిగితే మళ్ళీ ఏడాదికోసారి చూపిస్తే చాలు. తెల్లకోటు చూసి భయపడే పిల్లలూ ఉంటారు కాబట్టి, 24 గంటలు చేతికి ఉంచే మిషన్‌తో నిర్ధారించుకుంటారు.

నిజంగానే ఉందని తేలితే మూత్రం, కిడ్నీ, కొలెస్టరాల్ పరీక్షలు రాస్తారు. పెద్దపిల్లల్లో ఎక్కువగా బరువు, ఇంట్లో బీపీ ఉండటం కారణమవుతాయి. చిన్నపిల్లల్లో మాత్రం దాని వెనుక కిడ్నీ జబ్బు దాగి ఉండొచ్చు. అప్పటికి పిల్లాడు ఆడుతూ పాడుతూనే ఉంటాడు, బీపీ అంకె తప్ప వేరే గుర్తు ఉండకపోవచ్చు. 114ను చూసి పెట్టె మూసేయొద్దని మేము చెప్పేది అందుకే.

అంకె ఎక్కువగా ఉండి, దానితో తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం ఉంటే మాత్రం వారాలు ఆగకూడదు. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఎప్పుడు, ఎక్కడ అడగాలి

మూడేళ్ళు నిండిన ప్రతి బిడ్డకూ ఏడాదికి ఒకసారి బీపీ చూడాలి. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళకు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు మూడేళ్ళు రాకముందే చూడటం మొదలుపెడతారు. ఊబకాయం, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్న పిల్లలకు డాక్టరు దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ చూడాలి.

జ్వరానికో దగ్గుకో తీసుకెళ్ళినప్పుడు జ్వరం బీపీని పెంచుతుంది, కాబట్టి తగ్గాక చూపించండి. ప్రభుత్వ స్కూళ్ళకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం వస్తుంది. వాళ్ళిచ్చే కాగితంలో "రక్తదాబ్" ఎదురుగా అంకె ఉందో ఖాళీగా ఉందో చూడండి. అంకె ఉంటే ఆ పక్కనే పిల్లాడి ఎత్తు, తేదీ రాసుకుని, ఆ కాగితం పట్టుకుని చంద్రపూర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పిల్లల విభాగానికి గానీ, మీ పిల్లల డాక్టరు దగ్గరికి గానీ వెళ్ళండి. వెళ్ళాక రెండే ప్రశ్నలు అడగండి: పట్టీ మా వాడి చేతికి సరిపోయిందా? ఎత్తు ప్రకారం చూస్తే ఇది ఎన్నో పర్సంటైల్?