తమిళ భార్యకు తెలుగు భర్త రాసే ఓదార్పు

భర్తది గుంటూరు, భార్యది తిరుచ్చి. ఇద్దరికీ ఉద్యోగాలు హైదరాబాద్‌లో. ఇంట్లో సగం తెలుగు, పావు తమిళం, మిగతాది ఇంగ్లీషు. ఇలాంటి జంటలు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తున్నారు. వాళ్లలో ఒక జంటను తీసుకుందాం. నాన్నకు ఒంట్లో బాగాలేదని ఆమె పుట్టింటికి వెళ్లింది. రెండో రోజు తెల్లవారుజామున అతని ఫోన్‌కి రెండే మాటలు వచ్చాయి: "అప్పా పోయిట్టారు." అతను బయలుదేరి తిరుచ్చి చేరేసరికి సాయంత్రం అవుతుంది. ఈలోగా ఆమెకు ఏదో ఒకటి రాయాలి. అదీ ఆమె భాషలో రాయాలని అతని కోరిక. దుఃఖంలో ఉన్న మనిషికి చిన్నప్పటి నుంచి విన్న భాషే ముందు చెవికెక్కుతుందని అతనికి తెలుసు.

అతను చేసే మొదటి పని నెట్‌లో వెతకడం. అక్కడ దొరికే వాక్యం దాదాపు ఎప్పుడూ ఇదే: "ఉంగళ్ తందైయిన్ మరైవుక్కు ఎనదు ఆళ్న్ద ఇరంగల్." మీ తండ్రిగారి మృతికి నా ప్రగాఢ సంతాపం అని అర్థం. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు. కానీ తమిళనాడులో ఈ వాక్యం నాయకుల ప్రకటనల్లో, ఆఫీసు ఉత్తరాల్లో, వీధి గోడల మీద "కణ్ణీర్ అంజలి" అని అచ్చేసే పోస్టర్లలో ఉంటుంది. ఆ పోస్టర్లలో ఫొటోకి ఒకవైపు "తోట్రమ్", ఇంకోవైపు "మరైవు" అని పుట్టిన తేదీ, పోయిన తేదీ వేస్తారు. మన అశ్రునివాళి ఫ్లెక్సీల లాంటివే అవి. భర్త నుంచి ఆ భాషలో సందేశం వస్తే, తన మనిషి కూడా బయటివాళ్లతో పాటు వరసలో నిలబడి దండ వేసి వెళ్లినట్టే ఉంటుంది ఆమెకు.

తమిళంలో రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. తెలుగులో గ్రాంథికం పత్రికల నుంచి తప్పుకుని చాలాకాలమైంది కాబట్టి మనకు ఈ తేడా అంత పదునుగా తెలియదు. తమిళంలో పత్రిక, పాఠ్యపుస్తకం, వార్తలు ఇప్పటికీ రాతభాషలోనే నడుస్తాయి. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. తండ్రిని "తందై" అని పిలిచే కూతురు ఉండదు, "అప్పా" అనే అంటుంది. కాబట్టి భార్యకు రాసే ఓదార్పు ఇంటి తమిళంలో, అంటే నోటితో పలికినట్టే ఉండాలి. మిగతా జాగ్రత్తలన్నీ దీని తర్వాతే.

ఇక చావు కబురు చెప్పే మాటలు. వాటి తీరు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. మనం "చచ్చిపోయారు" అనకుండా "పోయారు", "కాలం చేశారు" అన్నట్టే, తమిళంలో "సెత్తుట్టార్" అనేది పెద్దల విషయంలో మోటుమాట. "ఇరందుట్టార్" అంటే సాదాగా చెప్పడం. ఇళ్లలో మెత్తగా అనేవి "తవరిట్టార్", "పోయిట్టార్". "కాలమానార్", "ఇరైవనడి సేర్న్దార్" అనేవి పత్రికలకీ కార్డులకీ సరిపోతాయి. అల్లుడికి అన్నిటికన్నా సులువైన దారి ఒకటుంది: ఆమె ఏ మాట వాడి కబురు చెప్పిందో తనూ ఆ మాటే వాడటం. ఆమె "పోయిట్టారు" అంది. అతనూ అదే అనాలి.

అతను రాయదగిన సందేశం ఇలా ఉండవచ్చు:

"కన్నమ్మా, మామా నమ్మళ విట్టు పోయిట్టారున్ను నంబ ముడియల. నాన్ వరుంబోదెల్లాం స్టేషన్ల వందు నిప్పారే. ఇప్పో ఉన్ పక్కత్తుల ఇల్లయేన్ను రొంబ కష్టమా ఇరుక్కు. అళణుమ్నా అళు, అడక్కి వెచ్చుక్కాదే. సాయంగాలం వందుడువేన్. నాన్ ఇరుక్కేన్. పదిల్ పోడ వేండామ్."

తెలుగులో చెప్పుకుంటే: మామయ్య మనల్ని వదిలి వెళ్లిపోయారంటే నమ్మలేకపోతున్నాను. నేను వచ్చినప్పుడల్లా స్టేషన్‌కి వచ్చి నిలబడేవారే. ఇప్పుడు నీ పక్కన లేనే అని చాలా కష్టంగా ఉంది. ఏడవాలనిపిస్తే ఏడువు, లోపల దాచుకోకు. సాయంత్రానికల్లా వచ్చేస్తాను. నేనున్నాను. జవాబు ఇవ్వక్కర్లేదు.

ఇందులో "నమ్మళ" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో మన, మా అనే తేడా ఉన్నట్టే తమిళంలో నమ్మ, ఎంగ ఉన్నాయి. "ఉంగళ విట్టు" అని రాస్తే మిమ్మల్ని వదిలి వెళ్లారని అర్థం. అప్పుడు అల్లుడు గడప బయట నిలబడి పలకరించినట్టు అవుతుంది. "నమ్మళ విట్టు" అంటే పోయినాయన తనకూ పెద్దదిక్కేనని, ఆ నష్టంలో తనకూ భాగముందని చెప్పినట్టు. పెళ్లై వేరే భాష ఇంట్లోకి వెళ్లిన కూతురికి ఆ ఉదయం ఇంతకన్నా ఆసరా ఇచ్చే మాట లేదు. మామ అనే పిలుపు పనీ ఇదే. ఒకవేళ "మీ నాన్న" అనే రాయాలనిపిస్తే "ఉన్ అప్పా" అనకూడదు, "ఉంగప్పా" అనాలి. భార్యను నువ్వు అనే చనువున్నా మనం "నీ నాన్న" అనం కదా, "మీ నాన్న" అనే అంటాం. తమిళం పద్ధతీ అచ్చంగా అదే.

స్టేషన్ వాక్యం కూడా ఊరికే వచ్చింది కాదు. అది తీసేస్తే ఆ సందేశం ఎవరైనా ఎవరికైనా పంపగలిగేది. పోయిన మనిషి చేసే ఒక్క పని, ఒక్క అలవాటు చెబితే చాలు, ఆయన్ని నిజంగా చూసినవాళ్లు రాశారని తెలుస్తుంది. పెద్ద పెద్ద గుణగణాలు అక్కర్లేదు. ఆయన దేవుడులాంటి మనిషని ఆ రోజు వందమంది అంటారు. అల్లుడు రాకముందే వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడేవారని అల్లుడు ఒక్కడే అనగలడు.

రాయకూడనివీ ఉన్నాయి. "ధైర్యమా ఇరు" అనేది తెలుగులో ధైర్యంగా ఉండు అన్నంత తేలిగ్గా తమిళంలోనూ నోటికొస్తుంది. చెప్పేవాళ్లలో చెడు ఉద్దేశం ఉండదు. కానీ మొదటి గంటల్లో ఆ మాటకు అర్థం ఏడుపు ఆపమనే. పల్లెల్లో ఇప్పటికీ ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని "ఒప్పారి" పాడుతూ ఏడ్చే నేల అది. ఏడవడం అక్కడ తప్పు కాదు, పోయినవాళ్లకిచ్చే మర్యాద. "వయసాయిడుచ్చుల్ల", అంటే వయసైపోయింది కదా అనడం ఇంకా నొప్పి. డెబ్బై ఏళ్ల తండ్రి అయినా కూతురికి ఆయన వయసు గుర్తుండదు. "అమ్మావ పాత్తుక్కో", అమ్మను చూసుకో అనే మాటా మంచిదే అనిపిస్తుంది. అయితే తనే కుప్పకూలి ఉన్న మనిషి నెత్తిన అది మరో బరువు. దాని బదులు "అమ్మాకిట్ట నాన్ పేసరేన్", అమ్మతో నేను మాట్లాడతాను అంటే ఆ బరువు కొంత తను తీసుకున్నట్టు.

సందేశం కన్నా గొంతు మేలని కొందరంటారు. తమిళం చదవడం, రాయడం సరిగా రాని అల్లుడికి ఆ సలహా పనికొస్తుంది. పావు నిమిషం వాయిస్ పంపితే చాలు. పలుకులో తెలుగు యాస దొర్లినా ఆమె ఏమీ అనుకోదు, ఆ యాసతోనే కదా ఆమె కాపురం చేస్తున్నది. కానీ ఆ ఇంట్లో ఆ వేళ ఫోన్ బిగ్గరగా మోగకూడదు. ఫ్రీజర్ బాక్స్ చుట్టూ బంధువులుంటారు, ఎవరెవరో వచ్చి కూతుర్ని పట్టుకుంటూ ఉంటారు. కాల్ చేయకుండా రాసి ఊరుకుంటే వీలున్నప్పుడు చూసుకుంటుంది. ఫోన్‌లో మాట్లాడినా ముగింపు దగ్గర జాగ్రత్త పడాలి. తమిళులు మామూలుగా సెలవు తీసుకునే మాట "పోయిట్టు వరేన్", వెళ్లొస్తాను. చావు ఇంటి దగ్గర ఆ మాట అనరు, మన దగ్గర వెళ్లొస్తామని చెప్పకుండా లేచి వచ్చేసినట్టే. "అప్పురం పేసరేన్", తర్వాత మాట్లాడతాను అని ఆపేస్తే సరిపోతుంది.

సాయంత్రం అతను చేరాక రాతతో పనిలేదు. వాయ్‌క్కరిసి వేసేటప్పుడు, అంటే పోయినవారి నోట బియ్యం పెట్టేటప్పుడు అల్లుడు పక్కనుంటే చాలు. కోడి బట్ట కప్పడం లాంటి ఆచారాలు కులాన్ని బట్టి, జిల్లాను బట్టి మారతాయి కాబట్టి అక్కడి పెద్దల్ని అడిగి చేయాలి, తెలుగు పద్ధతి ఇదని ముందుకు పోకూడదు.

ఇదంతా హిందూ కుటుంబాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఆమెది నాగర్‌కోయిల్ క్రైస్తవ కుటుంబమైతే "ఆండవర్ ఆరుదల్ తరువార్", ప్రభువు ఓదార్పునిస్తాడు అనే మాట ఆ ఇంట్లో సహజంగా ఇముడుతుంది. ఆత్మశాంతి మాట అతకదు. తమిళ ముస్లిం కుటుంబాల్లో ఇన్నా లిల్లాహితో మొదలయ్యే ప్రార్థనే ముందు వస్తుంది. భర్త పోగొట్టుకుని భార్య రాసేదైతే, ఆ ఇంట్లో ఆమె భర్తను "నీంగ" అని పిలుస్తుంటే క్రియలూ మారతాయి: అళు అన్నది "అళుంగ" అవుతుంది, మామా స్థానంలో పోయింది అత్తగారైతే "అత్తై" వస్తుంది. నాన్ ఇరుక్కేన్ మాత్రం అలాగే ఉంటుంది.

భర్త సెలవు అయిపోయి ముందే తిరిగి వచ్చేస్తే, ఆమె పదహారో రోజు కార్యం దాకా అక్కడే ఉండిపోవచ్చు. ఆ రోజుల్లో రోజుకొక చిన్న మాట చాలు. అది "సాప్పిట్టియా?" కావచ్చు. తిన్నావా అని అడగడం తమిళుల దగ్గర ప్రేమ చెప్పే పద్ధతి, మనకు తెలియనిది కాదు. "మనస తేత్తిక్కో", మనసు దిటవు చేసుకో అనే మాటకు సమయం ఇప్పుడు, మొదటి రోజు కాదు. ఆ ఏడాది దీపావళికి, పొంగల్‌కి ఇంట్లో పండుగ చేసుకోరు. ఆ రెండు రోజులూ ఆమెను ఒంటరిగా వదలకపోవడం మంచిది.

చివరగా ఏడాది తివసం. తెలుగువాళ్లు ఆబ్దికాన్ని చాంద్రమాన మాసం, తిథి చూసి పెడతారు. తమిళులు తమ సౌరమాసంలో వచ్చే ఆ తిథిని చూస్తారు. అందువల్ల ఫోన్ క్యాలెండర్‌లో ఉన్న తేదీ గానీ, మన పంచాంగం చూసి లెక్కేసిన రోజు గానీ సరిపోకపోవచ్చు. బావమరిదినో అత్తగారినో అడిగి ఆ రోజు ఎప్పుడొస్తుందో ముందే రాసి పెట్టుకోండి.