429 వచ్చాక ఎంతసేపు ఆగాలి?

భాషా మోడల్‌ను వాడే అప్లికేషన్లలో చాలావరకు ఆ మోడల్‌ను తమ దగ్గర పెట్టుకోవు. ఇంటర్నెట్ మీదుగా మోడల్ ఉన్న సంస్థ సర్వర్‌కు ఒక రిక్వెస్ట్ పంపి జవాబు తెప్పించుకుంటాయి. ఈ రాకపోకల కోసం ఆ సంస్థ తెరిచిపెట్టిన దారినే ఏపీఐ అంటారు. ఆ సర్వర్లలోని ఖరీదైన జీపీయూలను ఎందరో పంచుకోవాలి కాబట్టి ఒక్కో ఖాతా నిమిషానికి ఎంత వాడుకోవచ్చో సంస్థ ముందే హద్దు పెడుతుంది. ఇదే రేట్ లిమిట్. హద్దు దాటితే జవాబుకు బదులు `429` అనే సంఖ్య తిరిగి వస్తుంది. రిక్వెస్టులు మరీ ఎక్కువయ్యాయని చెప్పే ఈ సంఖ్యను 2012లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 6585 అనే ప్రమాణపత్రం నిర్వచించింది.

భాషా మోడళ్ల దగ్గర హద్దు ఒక్కటే ఉండదు. నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు అన్నది ఒక లెక్క, ఎన్ని టోకెన్లు అన్నది మరో లెక్క. మోడల్ పాఠాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి చదువుతుంది, ఆ ముక్కలే టోకెన్లు. పంపిన పాఠానికీ వచ్చే జవాబుకూ రెండింటికీ టోకెన్లు ఖర్చవుతాయి. తెలుగువారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. ముక్కలు చేసే పద్ధతులు ఎక్కువగా ఇంగ్లిష్ పాఠాల మీద తయారైనవి కావడంతో, అదే విషయాన్ని తెలుగులో రాస్తే సాధారణంగా ఎక్కువ టోకెన్లు పడతాయి. ఎంత ఎక్కువన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. అందుకే తెలుగు పాఠంతో పనిచేసే అప్లికేషన్ రిక్వెస్టుల హద్దుకు చాలా దూరంలో ఉండగానే టోకెన్ల హద్దును తాకేస్తుంది.

ఈ లెక్క చాలాచోట్ల నీళ్ల ట్యాంకులా నడుస్తుంది. ఖాతాకు కొంత నిల్వ ఉంటుంది, ప్రతి రిక్వెస్ట్ అందులోంచి కొంత తోడుకుంటుంది, పైనుంచి సన్నని ధార ఎప్పుడూ పడుతూ ఉంటుంది. నిమిషం పూర్తవగానే ట్యాంకు ఒక్కసారిగా నిండిపోదు. ఈ ఒక్క విషయం తెలియకపోవడం వల్లే చాలా ప్రోగ్రాములు దెబ్బతింటాయి.

ఒక ఉదాహరణ తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది. ఒక పత్రిక తన పాత సంచికల్లోని 1,200 వ్యాసాలకు మోడల్‌తో సారాంశాలు రాయించాలి. ఖాతాకు నిమిషానికి 300 రిక్వెస్టులు, 60,000 టోకెన్ల హద్దు ఉంది. వ్యాసానికి 2,500, సారాంశానికి 500 కలిపి ఒక్కో రిక్వెస్ట్‌కు 3,000 టోకెన్లు పడతాయి. అంటే కాగితం మీద 300 ఉన్నా, నిజంగా నిమిషానికి వెళ్లగలిగేవి 20 మాత్రమే. సెకనుకు 1,000 టోకెన్ల చొప్పున నిల్వ పెరుగుతుంది కాబట్టి మూడు సెకన్లకు ఒక వ్యాసానికి చోటు దొరుకుతుంది.

ఇప్పుడు ప్రోగ్రామ్ రాసినవారు పని త్వరగా తెమలాలని 50 వర్కర్లను ఒకేసారి వదిలారు. 429 వస్తే 1, 2, 4, 8, 16 సెకన్లు ఆగి మళ్లీ పంపాలని, అయిదుసార్లు ప్రయత్నించినా కుదరకపోతే ఆ వ్యాసాన్ని వదిలేయాలని నియమం పెట్టారు. ఇలా ప్రతిసారీ ఆగే సమయాన్ని రెట్టింపు చేయడాన్ని ఎక్స్‌పొనెన్షియల్ బ్యాకాఫ్ అంటారు. మొదటి క్షణంలో నిండు నిల్వ మీద 20 రిక్వెస్టులు వెళ్లిపోయాయి, 30 వెనక్కి వచ్చాయి. ఆ ముప్పై ఒకే గడియారం మీద నడుస్తున్నాయి కాబట్టి సెకను తర్వాత అన్నీ కలిసే తిరిగి వచ్చాయి. అప్పటికి ఒక్కదానికీ సరిపడా నిల్వ లేదు. మూడో సెకనులో ఒకటి, ఏడో సెకనులో ఒకటి, పదిహేనో సెకనులో మూడు, ముప్పై ఒకటో సెకనులో అయిదు వెళ్లగలిగాయి. మొత్తం 142 మళ్లీ ప్రయత్నాల్లో పది ఫలించాయి, 20 వ్యాసాలు సారాంశం లేకుండా మిగిలిపోయాయి. మొదటి విడతలో పని ముగించిన వర్కర్లు ఈలోగా కొత్త వ్యాసాలు అందుకోలేదనుకుంటేనే ఈ లెక్క. అందుకుంటే పరిస్థితి ఇంకా పాడవుతుంది. పైగా ఓపెన్ఏఐ వంటి సంస్థలు విఫలమైన రిక్వెస్టులను కూడా నిమిషపు హద్దులో కలుపుతాయి.

ఈ కథలో తప్పులు రెండు. మొదటిది, అందరూ ఒకే క్షణంలో తిరిగి రావడం. దీనికి విరుగుడు ఆగే సమయాన్ని యాదృచ్ఛికం చేయడం. ఇది కొత్త ఆలోచన కాదు. బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ 1976లో ప్రచురించిన ఈథర్‌నెట్ పత్రంలోనే, ఒకే తీగ మీద ఇద్దరి సందేశాలు ఢీకొంటే ఎవరికి వారు యాదృచ్ఛికంగా కొంత సమయం ఆగాలన్న పద్ధతి ఉంది. ఢీకొన్న కొద్దీ ఆ సమయపు పరిధి పెరుగుతుంది. 2015లో అమెజాన్ ఇంజినీరు మార్క్ బ్రూకర్ సర్వర్లతో మాట్లాడే ప్రోగ్రాములకు దీన్ని వివరిస్తూ, సున్నా నుంచి ఆ విడత గరిష్ఠం వరకు ఏదో ఒక సమయాన్ని ఎంచుకోవడం బాగా పనిచేస్తుందని చూపించాడు. పైథాన్‌లో అది ఒక్క పంక్తి:

```python
wait = random.uniform(0, min(60, 2 ** attempt))
```

ఇక్కడ 60 అనేది పైహద్దు. అది లేకపోతే పదో విడతకు ఆగే సమయం పదిహేడు నిమిషాలు దాటిపోవచ్చు. సర్వర్ పంపే జవాబులో `Retry-After` అనే పంక్తి ఉంటే మాత్రం ఈ ఊహతో పని లేదు. ఎన్ని సెకన్లు ఆగాలో సర్వరే చెప్పింది కాబట్టి ముందు అంతసేపు ఆగి, దానిమీద కాస్త యాదృచ్ఛిక సమయం కలిపితే చాలు. ఆ పంక్తి కళ్లెదుట ఉండగా సొంత లెక్కతో ముందే వెళ్లే ప్రోగ్రామ్ మరో 429 కొనితెచ్చుకుంటుంది.

రెండో తప్పు అంతకంటే పెద్దది. ఎంత తెలివిగా ఆగి మళ్లీ పంపినా నిల్వ పెరగదు. మళ్లీ ప్రయత్నించడం అన్నది అప్పుడప్పుడు వచ్చే ఆటంకాలకు మందు. ఎప్పుడూ హద్దుకు మించి పంపే ప్రోగ్రామ్‌కు అది మందు కాదు. అక్కడ తగ్గించాల్సింది పంపే వేగాన్నే. పై ఉదాహరణలో ఒక్కో సారాంశం రావడానికి సగటున 12 సెకన్లు పడితే, మూడు సెకన్లకు ఒకటి పంపాలి కాబట్టి ఏ క్షణంలోనైనా నడుస్తూ ఉండాల్సినవి నాలుగే. 50 వర్కర్ల స్థానంలో నలుగురిని పెడితే 1,200 వ్యాసాలు సుమారు గంటలో పూర్తవుతాయి, 429 అరుదుగా తప్ప కనిపించదు. 50 మందిని పెట్టినా అంతకంటే ముందుగా పూర్తయ్యే మార్గమే లేదు. `x-ratelimit-remaining-tokens` వంటి పంక్తుల్లో ఎంత నిల్వ మిగిలిందో కూడా సర్వర్ చెబుతుంది కాబట్టి వేగాన్ని దాన్ని చూసి సర్దుకోవచ్చు. జవాబు గరిష్ఠ పొడవును అవసరానికి మించి పెద్దగా పెట్టడం కూడా మంచిది కాదు. కొన్ని సంస్థలు ఆ గరిష్ఠాన్నే ముందుగా హద్దులో లెక్కేస్తాయి.

టైమౌట్ సంగతి వేరు. హద్దు దాటితే సర్వర్ వెంటనే వద్దంటుంది. టైమౌట్ వచ్చేది సర్వర్ ఏమీ అనకుండా ఉండిపోయినప్పుడు. ఎంతసేపు ఎదురుచూడాలో అప్లికేషనే నిర్ణయించుకోవాలి. మామూలు వెబ్‌సైట్లకు పెట్టినట్టు అయిదు సెకన్లు పెడితే భాషా మోడల్ దగ్గర కుదరదు. మోడల్ జవాబును ఒక్కో టోకెన్‌గా పుట్టిస్తుంది కాబట్టి పొడవైన జవాబుకు ఎక్కువ సమయం పట్టడం సహజం. 12 సెకన్లు పట్టే సారాంశాన్ని అయిదో సెకనులో తెంపేసి మళ్లీ అడిగితే రెండోసారీ అదే జరుగుతుంది. తెంపిన సంగతి తెలియక సర్వర్ జవాబును పూర్తిచేస్తే ఆ టోకెన్లకు డబ్బు కూడా పోవచ్చు. మరోవైపు ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ సంస్థల పైథాన్ లైబ్రరీల్లో ముందే పెట్టి ఉన్న టైమౌట్ పది నిమిషాలు. తెర ముందు కూర్చున్న పాఠకుడిని అంతసేపు కూర్చోబెట్టడం అన్యాయం.

మేలైన పద్ధతి జవాబును ముక్కలుముక్కలుగా వస్తున్నకొద్దీ అందుకోవడం. దీన్ని స్ట్రీమింగ్ అంటారు. అప్పుడు వేర్వేరు గడియారాలు పెట్టవచ్చు. సర్వర్‌తో కనెక్షన్ కుదరడానికి అయిదు సెకన్లు, ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య ముప్పై సెకన్లు, మొత్తం పనికి రెండు నిమిషాలు అన్నట్టుగా. మొత్తానికి పెట్టే గడియారాన్ని మరవకూడదు. పైథాన్‌లో బాగా వాడే `requests`, `httpx` లైబ్రరీల్లో రీడ్ టైమౌట్ అంటే డేటా రాకుండా గడిచిన విరామమే, మొత్తం సమయం కాదు. చుక్కచుక్కగా వచ్చే జవాబు ఆ గడియారాన్ని ఎన్నడూ మోగించదు.

ఏ తప్పుకు మళ్లీ ప్రయత్నించాలన్నది కూడా తేల్చుకోవాలి. 429, 500, 503, ఆంత్రోపిక్ సర్వర్లు రద్దీలో ఉన్నప్పుడు పంపే 529, తెగిన కనెక్షన్ కాసేపటికి సర్దుకునేవి. రిక్వెస్ట్ రాతలోనే తప్పుందని చెప్పే 400, తాళంచెవి చెల్లదని చెప్పే 401 ఎన్నిసార్లు పంపినా మారవు. 429లోనూ ఒక మెలిక ఉంది. ఓపెన్ఏఐ దగ్గర ఖాతాలో డబ్బు అయిపోయినా 429 వస్తుంది, కాకపోతే లోపల `insufficient_quota` అని ఉంటుంది. ఆగడం వల్ల అది తీరదు, డబ్బు కట్టాలి.

ఇక ఎవరూ గమనించని చోట ప్రయత్నాలు గుణించుకుపోతాయి. పై రెండు లైబ్రరీలూ ఎవరూ అడగకుండానే రెండుసార్లు మళ్లీ ప్రయత్నిస్తాయి, అంటే మొత్తం మూడు. దానిపైన అప్లికేషన్ తన వంతుగా అయిదు మళ్లీ ప్రయత్నాలు రాసుకుంటే ఆరు మూళ్లు పద్దెనిమిది. పని విఫలమైతే మొదటినుంచి మూడుసార్లు నడిపించే క్యూ ఒకటి పైన ఉంటే 54. ఒక్క వ్యాసం కోసం, అదీ సర్వర్ ఇప్పటికే ఇబ్బందిలో ఉన్నప్పుడు. మళ్లీ ప్రయత్నం ఒక్క అంచెలోనే ఉండాలి. లైబ్రరీలో `max_retries=0` అని పెట్టి ఆ పనిని అప్లికేషన్‌కు అప్పగించవచ్చు, లేదా అప్లికేషన్‌లో తీసేసి లైబ్రరీకే వదిలేయవచ్చు. వచ్చిన ప్రతి సారాంశాన్నీ వ్యాసం నంబరుతో వెంటనే భద్రపరిస్తే, మధ్యలో ఆగిపోయిన పనిని మిగిలిన చోటినుంచి కొనసాగించవచ్చు.

జవాబు కోసం మనిషి ఎదురుచూడని పనికి మరో దారి ఉంది. ఓపెన్ఏఐ, ఆంత్రోపిక్ రెండూ బ్యాచ్ సదుపాయం ఇస్తున్నాయి. రిక్వెస్టులన్నీ ఒకేసారి అప్పగిస్తే 24 గంటల్లోపు ఫలితాలు ఇచ్చే లక్ష్యంతో నడిచే ఆ సదుపాయంలో ధర సగమే, హద్దులు కూడా వేరే. 1,200 పాత వ్యాసాల వంటి పనికి సరైన చోటు అదే.