ఖర్చు పెరిగిందా, పని పెరిగిందా?

విజయవాడ లాంటి ఊళ్లో నోటు పుస్తకాలు తయారుచేసే ఓ చిన్న యూనిట్ ఉందనుకుందాం. బడులు తెరిచేది జూన్‌లో కాబట్టి మే నెలంతా ఊపిరాడనంత పని. ఆ నెలకు 40 వేల పుస్తకాలు వేయాలని, మొత్తం ఖర్చు 13 లక్షలు దాటకూడదని యజమాని ముందే బడ్జెట్ రాసి పెట్టుకున్నాడు. నెల ముగిశాక లెక్క చూస్తే 15 లక్షల 40 వేలు తేలింది. వెంటనే సూపర్‌వైజర్‌ని పిలిచాడు.

"13 లక్షలన్నాం కదయ్యా, రెండు లక్షల 40 వేలు ఎక్కువెలా అయింది?"

"ఎన్ని పుస్తకాలు వేశామో కూడా చూడండి సార్. ఆర్డర్లు పెరిగితే 50 వేలు వేశాం."

సూపర్‌వైజర్ మాటలో న్యాయముంది. 40 వేల పుస్తకాలకు వేసుకున్న అంచనాను 50 వేల పుస్తకాల ఖర్చు పక్కన పెట్టి చూస్తే, పని పెరగడం వల్ల అయిన ఖర్చూ దుబారా వల్ల అయిన ఖర్చూ కలిసిపోతాయి. ఒకే ఉత్పత్తి సంఖ్యకు కట్టుబడి, ఆ తర్వాత మారని ఇలాంటి అంచనాను స్టాటిక్ బడ్జెట్ అంటారు. అసలు వేసిన పుస్తకాల సంఖ్యకు తగ్గట్టు తిరగరాసిన అంచనా ఫ్లెక్సిబుల్ బడ్జెట్. అలా తిరగరాయాలంటే ఒక్కో పుస్తకానికి ఎంత ఖర్చు కావాలో ముందే తెలిసుండాలి. ఆ లెక్క కట్టడమే స్టాండర్డ్ కాస్టింగ్.

ఒక పుస్తకానికి ఎంత కావాలి?

స్టాండర్డ్ అంటే పోయిన ఏడాది అయిన ఖర్చు కాదు, పని సవ్యంగా సాగితే కావలసిన ఖర్చు. మన యూనిట్ వేసేది 200 పేజీల పుస్తకం, అంటే 100 ఆకులు. ఒక్కో ఆకు 24 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. వంద ఆకులు కలిపితే 4.32 చదరపు మీటర్లు. వాడేది 54 జీఎస్‌ఎం కాగితం, అంటే చదరపు మీటరుకు 54 గ్రాముల బరువు. ఆ లెక్కన పుస్తకంలో ఉండే కాగితం 233 గ్రాములు. అంచుల కటింగ్‌లోనూ, రీలు మొదట్లో చివర్లోనూ కొంత తుక్కు పోక తప్పదు. దానికి 17 గ్రాములు కలిపితే 250 గ్రాములు. కిలో కాగితం 80 రూపాయలైతే పుస్తకానికి 20 రూపాయలు.

అట్టకు, సిరాకు, పిన్నులకు కలిపి 3 రూపాయలు. ఒక మనిషి గంటకు 40 పుస్తకాల పని చేస్తాడు, గంటకు కూలి 80 రూపాయలు, కాబట్టి పుస్తకానికి 2 రూపాయలు. మొత్తం 25 రూపాయలు. పుస్తకం పెరిగితే ఈ ఖర్చూ పెరుగుతుంది.

షెడ్డు అద్దె, యంత్రాల మీద తీసుకున్న అప్పు వడ్డీ, సూపర్‌వైజర్ జీతం లాంటివి పుస్తకాలతో పాటు పెరగవు. అవి నెలకు 3 లక్షలు. 40 వేల పుస్తకాలకు 10 లక్షలు, ఈ 3 లక్షలు కలిపితే 13 లక్షలు. యజమాని రాసుకున్న బడ్జెట్ ఇదే.

ఇప్పుడు దాన్ని 50 వేలకు తిరగరాద్దాం. పుస్తకానికి 25 చొప్పున 12 లక్షల 50 వేలు, స్థిర ఖర్చు అదే 3 లక్షలు, మొత్తం 15 లక్షల 50 వేలు. అయిన ఖర్చు 15 లక్షల 40 వేలు. అంటే సూపర్‌వైజర్ దుబారా చేయలేదు, 10 వేలు ఆదా చేశాడు! పుస్తకం 35 రూపాయలకు అమ్ముడైతే, బడ్జెట్ ప్రకారం లక్ష రావలసిన లాభం 2 లక్షల 10 వేలయింది. లాభం రెట్టింపు దాటిన నెలలో సూపర్‌వైజర్‌కు దక్కింది చీవాట్లు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 13 లక్షలను 40 వేలతో భాగించి, పుస్తకానికి 32 రూపాయల 50 పైసలని తేల్చి, దాన్ని 50 వేలతో హెచ్చవేస్తారు. 16 లక్షల 25 వేలు వస్తుంది. పుస్తకాలు పెరిగితే షెడ్డు అద్దె కూడా పెరుగుతుందన్నట్టు లెక్క కట్టడం ఇది. అలా చూస్తే 85 వేలు ఆదా అయినట్టు కనిపిస్తుంది, ఉన్నది మాత్రం 10 వేలే.

ఆదా వెనకాల ఏముంది?

ఆ 10 వేలను కూడా విప్పి చూడాలి. 50 వేల పుస్తకాలకు 12,500 కిలోల కాగితం సరిపోవాలి. వాడింది 12,800 కిలోలు. కిలో 80కి బదులు 77కే కొన్నారు. కిలోకు 3 రూపాయల చొప్పున 38,400 మిగిలింది. ఎక్కువ వాడిన 300 కిలోలకు స్టాండర్డ్ ధర ప్రకారం 24,000 పోయింది. కాగితం మీద నికరంగా మిగిలింది 14,400. కూలి లక్ష కావలసింది లక్షా 4,400 అయింది. అట్టల ఖర్చూ, స్థిర ఖర్చూ అనుకున్నట్టే ఉన్నాయి. అలా తేలింది 10 వేలు. ఈ తేడాలను కాస్ట్ అకౌంటెంట్లు వేరియన్స్‌లు అంటారు.

చూడగానే, కొనుగోళ్ల మనిషి బాగా బేరమాడాడని, షెడ్డులో వాళ్లు కాగితం వృథా చేశారని అనిపిస్తుంది. తొందరపడకూడదు. చవక కాగితం బలహీనంగా ఉంటే రూలింగ్ యంత్రం మీద తెగుతుంది. తెగినప్పుడల్లా యంత్రం ఆగుతుంది, తుక్కు పెరుగుతుంది, కూలి గంటలూ పెరుగుతాయి. నిజం తెలియాలంటే ఏ రీలు దగ్గర యంత్రం ఎన్నిసార్లు ఆగిందో, ఎంత తుక్కు పడిందో రాసిన రిజిస్టరు చూడాలి. ఆగినవన్నీ కొత్త సరుకు రీళ్ల దగ్గరే అయితే కారణం కొనుగోలులో ఉంది. పాత కాగితం కూడా అంతే తెగితే యంత్రాన్నో, దాన్ని నడిపే తీరునో చూసుకోవాలి. వేరియన్స్ ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, తప్పెవరిదో తేల్చదు.

పని తగ్గిన నెలలో

స్టాటిక్ బడ్జెట్ అన్యాయంగా నిందించడమే కాదు, అన్యాయంగా మెచ్చుకుంటుంది కూడా. నవంబరులో ఇదే బడ్జెట్ పెట్టుకుంటే, ఆర్డర్లు లేక 30 వేల పుస్తకాలే వేశారనుకోండి. ఖర్చు 11 లక్షలు. 13 లక్షల పక్కన పెడితే రెండు లక్షలు మిగిల్చినట్టు కనిపిస్తుంది, భుజం తట్టాలనిపిస్తుంది. 30 వేల పుస్తకాలకు కావలసింది ఏడున్నర లక్షలు, పైన 3 లక్షలు, కలిపి పదిన్నర లక్షలే. అంటే 50 వేలు ఎక్కువైంది. మొదటిదాని కన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే చీవాట్లు తిన్నవాడు ఎదురు చెప్తాడు గానీ మెప్పు పొందినవాడు నోరు విప్పడు.

అలాగని స్టాటిక్ బడ్జెట్‌ను పారేయనక్కర్లేదు. అనుకున్న 40 వేలు అమ్మగలిగామా లేదా అన్నది అదే చెప్తుంది. అది అమ్మకాలవాళ్లను అడగవలసిన ప్రశ్న. షెడ్డులో పనిని కొలవడానికి మాత్రం అది పనికిరాదు.

ఫ్లెక్సిబుల్ బడ్జెట్‌కూ హద్దులున్నాయి. 50 వేల దాకా ఉన్న యంత్రం, ఉన్న షిఫ్టు సరిపోవచ్చు. 70 వేలంటే రెండో షిఫ్టు, ఇంకో సూపర్‌వైజర్ కావాలి. అప్పుడు స్థిర ఖర్చు 3 లక్షల దగ్గర ఆగదు. స్టాండర్డ్ పాతబడితే లెక్కంతా తప్పుతుంది. బజారులో కాగితం ధర 76కు దిగివచ్చిన నెలలో 77కు కొన్నవాడు ఆదా చేసినట్టు కాగితం మీద కనిపిస్తాడు, నిజానికి రూపాయి ఎక్కువ పెట్టాడు. నిల్వ సరుకు విలువ కట్టే మన ఇండ్ ఏఎస్ 2 ప్రమాణం కూడా స్టాండర్డ్ ఖర్చును వాడుకోనిస్తుంది గానీ, దాన్ని ఎప్పటికప్పుడు సరిచూసి, అవసరమైతే మార్చుకోవాలని చెబుతుంది.

మీ దుకాణానికో, వర్క్‌షాపుకో, క్యాంటీన్‌కో బడ్జెట్ రాసేటప్పుడు ఒకే మొత్తం రాసి ఊరుకోకండి. ఒక్కో వస్తువుకు ఎంత, నెలకు ఎంత అని రెండుగా విడదీసి రాయండి. నెలాఖరున ముందు సంఖ్య సరిచూడండి, ఆ తర్వాతే ఖర్చు గురించి ఎవరినైనా అడగండి.