గుండె ఒకటే, అంకెలు రెండు

చేతికి ఉన్న వాచీ హెచ్‌ఆర్‌వీ 37 అంటుంది. వేలికి పెట్టుకున్న స్మార్ట్ ఉంగరం 20 అంటుంది. పక్కింటి కుర్రాడి ఫోన్లో అదే పేరుతో 95 కనిపిస్తుంది. వీటిలో ఏది తప్పని అడిగితే, మూడూ ఒప్పే కావచ్చు. అదెలాగో అర్థం కావాలంటే ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూడాలి.

నాడి నిమిషానికి 70 అన్నారంటే గుండె సరిగ్గా ఒకే వ్యవధికి ఒకసారి కొట్టుకుంటోందని కాదు. 70 అనేది సగటు. ఒక స్పందనకీ తరువాతి దానికీ మధ్య ఒకసారి 800 మిల్లీసెకన్లు పడితే, మరోసారి 900 పట్టవచ్చు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఈ హెచ్చుతగ్గులు ఎంతున్నాయో చెప్పేదే హెచ్‌ఆర్‌వీ, అంటే హార్ట్ రేట్ వేరియబిలిటీ. మణికట్టు మీద వేళ్లుంచి నెమ్మదిగా లోతైన శ్వాస తీస్తే చాలామందికి ఇది చేతికే తెలుస్తుంది. గాలి పీల్చేటప్పుడు నాడి కాస్త వేగమవుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది.

దీని వెనకున్నది వేగస్ నరం. గుండెలోని సహజ పేస్‌మేకర్‌ను దాని మానాన వదిలేస్తే నిమిషానికి 100 సార్లకు అటూ ఇటూగా కొడుతుంది. వేగస్ నరం దానికి బ్రేకు వేసి నెమ్మదింపజేస్తుంది. పీల్చినప్పుడు ఆ బ్రేకు సడలుతుంది, వదిలినప్పుడు బిగుస్తుంది. ఈ మార్పు ఒకటి రెండు స్పందనల్లోనే గుండెను చేరుతుంది. గుండెను పరుగెత్తించే సింపథెటిక్ నరాల ప్రభావం కనబడడానికి మాత్రం కొన్ని సెకన్లు కావాలి. గుండె మార్పిడి శస్త్రచికిత్సలో నరాలు తెగిపోతాయి కాబట్టి, కొత్త గుండె ఉన్నవారిలో ఈ హెచ్చుతగ్గులు మొదట్లో దాదాపు మాయమవుతాయి. హెచ్చుతగ్గులు ప్రధానంగా నరాల పని అనడానికి ఇంతకంటే తేట రుజువు అక్కర్లేదు.

ఇక లెక్క దగ్గరకు వద్దాం. గందరగోళమంతా ఇక్కడే మొదలవుతుంది. వరసగా ఆరు వ్యవధులు తీసుకుందాం: 800, 820, 840, 860, 880, 900. సగటు 850, అంటే నిమిషానికి సుమారు 70 స్పందనలు. ఒక పద్ధతిలో, ఈ వ్యవధులు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చూస్తారు. బళ్లో నేర్చుకున్న స్టాండర్డ్ డీవియేషనే అది. దీని పేరు ఎస్‌డీఎన్‌ఎన్. ఇక్కడ అది 37 వస్తుంది. రెండో పద్ధతిలో సగటుతో పని లేదు. ప్రతి వ్యవధినీ దాని ముందున్న దానితో పోల్చి, తేడాల వర్గాల సగటుకు వర్గమూలం తీస్తారు. దీని పేరు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. ఇక్కడ ప్రతి తేడా 20 కాబట్టి జవాబు కూడా 20.

ఇప్పుడు అవే ఆరు వ్యవధుల వరస మారుద్దాం: 800, 900, 820, 880, 840, 860. అంకెలు మారలేదు గనుక ఎస్‌డీఎన్‌ఎన్ 37 దగ్గరే ఉంటుంది. ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ మాత్రం 20 నుంచి 66కు ఎగబాకుతుంది. నెమ్మదిగా పాకే మార్పులు మొదటి లెక్కకు పడతాయి, స్పందన స్పందనకూ వచ్చే కుదుపులు రెండో లెక్కకు పడతాయి. వేగస్ నరం పని తొందరగా జరిగేది కనుక దాని జాడ రెండో లెక్కలో బాగా కనిపిస్తుంది. యాపిల్ వాచీ తన ఆరోగ్య యాప్‌లో చూపేది ఎస్‌డీఎన్‌ఎన్. ఔరా ఉంగరం, వూప్, గార్మిన్, ఫిట్‌బిట్ వాడేది ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ. తెర మీద మాత్రం అన్నిటికీ ఒకే పేరు ఉంటుంది. నన్నడిగితే, పేరు పక్కన లెక్క పేరు కూడా వేయకపోవడం ఈ కంపెనీల తప్పే.

లెక్క ఒక్కటే కాదు, కొలిచే వేళ కూడా తేడా తెస్తుంది. యాపిల్ వాచీ రోజులో అప్పుడప్పుడు, సుమారు నిమిషం పాటు తీసిన ముక్కల నుంచి అంకె ఇస్తుంది. అది మెట్లెక్కి వచ్చాక తీసినదో, కుర్చీలో కునుకుతుండగా తీసినదో మీకు గుర్తుండదు. శ్వాస సాధన చేయించే యాప్ నడుస్తుండగా తీస్తే అంకె అమాంతం పెరుగుతుంది, ఎందుకంటే నిమిషానికి ఆరు శ్వాసల దగ్గర ఆ ఊగిసలాట చాలా పెద్దదవుతుంది. ఉంగరం రాత్రి నిద్రంతా కొలిచి సగటు చెబుతుంది.

సెన్సరు సంగతి వేరే. ఛాతీకి కట్టుకునే పట్టీ గుండె విద్యుత్ సంకేతాన్ని ఈసీజీలాగే పట్టుకుంటుంది. ఆ గీతలో శిఖరం సూదిలా ఉంటుంది, సమయం గుర్తించడం తేలిక. వాచీ చర్మంలోకి వెలుగు పంపి రక్తపు అలను చూస్తుంది. ఆ అల శిఖరం గుండ్రంగా ఉంటుంది. చేయి కదిలినా, పట్టీ వదులైనా, వేళ్లు చల్లబడినా అది మసకబారుతుంది. ఒక్క స్పందన జారిపోయిందనుకోండి. మన మొదటి వరసలో 840, 860 కలిసి ఒకే 1700 అయిపోతాయి. నిమిషంలో అలా ఒక్కసారి జరిగి, దాన్ని యంత్రం వడపోయకపోతే, 20 రావలసిన ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ 147 దాకా వెళ్తుంది. కారణం లేకుండా ఒక్కరోజు అంకె రెండింతలైతే ముందు అనుమానించాల్సింది పట్టీని.

మనుషుల మధ్య తేడాకు కారణాలు వేరు. వయసుతో ఈ అంకె తగ్గుతుంది. జన్యువుల వాటా ఉంది. నాడి వేగం వాటా మాత్రం చాలామంది గమనించరు. నిమిషానికి 60 నుంచి 55కు తగ్గితే స్పందనల మధ్య వ్యవధి 91 మిల్లీసెకన్లు పెరుగుతుంది. 90 నుంచి 85కు తగ్గితే పెరిగేది 39 మాత్రమే. తగ్గినది రెండుచోట్లా ఐదే, కానీ నెమ్మదైన గుండెకు అంకె పెద్దగా పడుతుంది. రోజూ పరుగెత్తే కుర్రాడి 95లో కొంత భాగం ఇదే. రక్తపోటుకు వాడే కొన్ని బీటా బ్లాకర్ మాత్రలు నాడిని తగ్గించి అంకెను పెంచవచ్చు. చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో నరాలు దెబ్బతిని అంకె పడిపోవచ్చు.

కొందరు ఇంటర్నెట్‌లో చదివి, 50 కంటే తక్కువైతే ప్రమాదమని భయపడతారు. ఆ 50కి ఒక చరిత్ర ఉంది. 1987లో క్లైగర్ బృందం గుండెపోటు నుంచి బయటపడిన 808 మందిని పరిశీలించింది. ఎస్‌డీఎన్‌ఎన్ 50 కంటే తక్కువ ఉన్నవారికి, 100 పైన ఉన్నవారికంటే చావు ముప్పు 5.3 రెట్లు ఉందని తేలింది. అక్కడ కొలిచింది 24 గంటల ఈసీజీ, అదీ గుండెపోటు వచ్చినవారిలో. రోజంతటి నడక, తిండి, నిద్ర అన్నీ కలిస్తే ఎస్‌డీఎన్‌ఎన్ సహజంగానే పెద్దదవుతుంది. నిమిషం ముక్కకు, ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ హద్దు వర్తించదు.

కాబట్టి ఈ అంకెను వాడుకోవాలంటే ఒకే పరికరం, ఒకే వేళ, వారం వారం సగటు చూడాలి. రాత్రి మందు తాగినా, జ్వరం వస్తున్నా, నిద్ర చాలకపోయినా మీ మామూలు స్థాయి నుంచి కిందికి జారడం కనిపిస్తుంది. పైకి పోవడమే మంచిదని మాత్రం అనుకోకూడదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పైగదులు లయ తప్పి వణుకుతాయి, స్పందనలు ఇష్టమొచ్చినట్టు పడతాయి, హెచ్‌ఆర్‌వీ ఆకాశాన్నంటుతుంది. పట్టీ సరిచేసుకున్నాకా అంకె చాలా ఎక్కువగానే ఉండి, మణికట్టు మీద నాడి ఓ క్రమం లేకుండా తగులుతుంటే, చూపించాల్సింది యాప్‌కు కాదు, ఈసీజీ తీయగల డాక్టరుకు.